కార్బన్ కోణాల లెక్క: 109.5, 120, 180 ఎక్కడి నుంచి వచ్చాయి?

ఏటా మామిడి మార్కెట్లోకి రాగానే పత్రికల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. ఫలానా చోట కార్బైడ్‌తో మగ్గబెట్టిన కాయలు పట్టుబడ్డాయని, కార్బైడ్‌పై నిషేధం ఉందని, కావాలంటే ఇథిలీన్ గ్యాస్ వాడుకోవచ్చని. ఆ వార్తలో రెండు వాయువులు దాగి ఉన్నాయి. కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే వచ్చేది ఎసిటిలీన్. పండే కాయ తనంతట తానే విడుదల చేసుకునేది ఇథిలీన్. ఎసిటిలీన్ ఇథిలీన్‌ను అనుకరిస్తుంది కాబట్టే కార్బైడ్ కిటుకు పనిచేస్తోంది. కార్బైడ్‌ను నిషేధించడానికి ముఖ్య కారణం అందులో మలినాలుగా ఉండే ఆర్సెనిక్, ఫాస్ఫరస్. అది వేరే కథ.

ఇదే కుటుంబంలో మూడో వాయువు ఒకటుంది, ఈథేన్. గది నిండా ఈథేన్ నింపినా కాయ పండదు. మూడింటిలోనూ కార్బన్లు రెండేసి. ఈథేన్ C₂H₆, ఇథిలీన్ C₂H₄, ఎసిటిలీన్ C₂H₂. హైడ్రోజన్లు రెండేసి చొప్పున తగ్గుతూ పోయాయి, అంతే. కానీ ఆ తగ్గుదలతో పాటు అణువు ఆకారం, కోణాలు, మెలితిరిగే స్వేచ్ఛ, చివరికి మామిడికాయతో దాని వ్యవహారం అన్నీ మారిపోయాయి. ఈ మార్పును వివరించడానికి రసాయన శాస్త్రం వాడే మాట సంకరీకరణం. పదో తరగతి నుంచే ఈ మాట వినిపిస్తుంది. sp³ అంటే 109.5, sp² అంటే 120, sp అంటే 180 అని పిల్లలు ఎక్కం చదివినట్టు చదువుతారు. ఆ మూడు అంకెలూ ఒకే ఒక్క చిన్న సమీకరణం నుంచి వస్తాయని మాత్రం చాలామందికి ఎవరూ చెప్పరు.

రెండు చేతులున్న కార్బన్‌కు నాలుగు బంధాలెలా?

కార్బన్ బయటి కక్ష్యలో నాలుగు ఎలక్ట్రాన్లుంటాయి. భూస్థాయిలో, అంటే శక్తి అతి తక్కువగా ఉన్న మామూలు స్థితిలో, రెండు 2s ఆర్బిటాల్‌లో జంటగా, మిగతా రెండు రెండు వేర్వేరు 2p ఆర్బిటాళ్లలో ఒంటరిగా ఉంటాయి. ఆర్బిటాల్ అంటే ఎలక్ట్రాన్ కనిపించే అవకాశం ఎక్కువగా ఉన్న ప్రాంతమని సులువుగా చెబుతారు. నిజానికి అది ఒక తరంగం, ఆ సంగతి కాసేపట్లో అవసరమవుతుంది. s ఆర్బిటాల్ గోళంలా అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. p ఆర్బిటాల్‌కు కేంద్రకానికి అటూ ఇటూ రెండు తమ్మెలుంటాయి. మూడు p ఆర్బిటాళ్లు x, y, z దిశల్లో ఒకదానికొకటి 90 డిగ్రీల్లో నిలబడి ఉంటాయి.

బంధానికి ఒంటరి ఎలక్ట్రాన్ కావాలనుకుంటే కార్బన్‌కు రెండే బంధాలు రావాలి, కోణం 90 దగ్గర ఉండాలి. ప్రకృతిలో దొరికేది మాత్రం నాలుగు బంధాల మీథేన్, CH₄. దీనికి మొదటి జవాబు: జంటగా ఉన్న s ఎలక్ట్రాన్లలో ఒకటి ఖాళీగా ఉన్న మూడో p లోకి ఎక్కుతుంది. ఇందుకు మోల్‌కు సుమారు 400 కిలోజౌళ్లు ఖర్చవుతాయి. ఖర్చు పెద్దదే. కానీ దానివల్ల అదనంగా వచ్చే రెండు C–H బంధాలు ఒక్కోటి 415 దాకా తిరిగి ఇస్తాయి. 400 పెట్టి 830 రాబట్టే బేరం కాబట్టి గిట్టుబాటే.

ఇంకో చిక్కు అలాగే మిగిలింది. ఇప్పుడు ఒక s, మూడు p ఉన్నాయి. వీటితో విడివిడిగా బంధాలు కడితే మూడు హైడ్రోజన్లు లంబంగా, ఒకే రకంగా ఉండాలి. నాలుగోది మాత్రం దిక్కూ మొక్కూ లేని s తో కట్టుకుని వేరే రకంగా ఉండాలి. మీథేన్‌లో అలాంటి తేడా ఏదీ లేదు. నాలుగు బంధాలూ ఒకే పొడవు, 109 పికోమీటర్లు. ఏ రెండింటి మధ్య కొలిచినా 109.5 డిగ్రీలే.

ఎలక్ట్రాన్ అన్న మాటే పుట్టకముందే ఈ ఆకారం తెలుసు. 1874లో వాన్ట్ హాఫ్, లె బెల్ ఇద్దరూ విడివిడిగా కార్బన్ బంధాలు చతుర్ముఖి మూలల వైపు చూస్తాయని ప్రతిపాదించారు. ఆ వాదన ఎంత సరళమో చూడండి. మీథేన్‌లో రెండు హైడ్రోజన్ల స్థానంలో క్లోరిన్లు పెడితే డైక్లోరోమీథేన్ వస్తుంది. మీథేన్ చదరంగా, బల్లపరుపుగా ఉంటే క్లోరిన్లు పక్కపక్కన ఉన్నది ఒకటి, ఎదురెదురుగా ఉన్నది ఒకటి, మొత్తం రెండు రకాల డైక్లోరోమీథేన్లు దొరకాలి. ఎంత వెతికినా దొరికింది ఒక్కటే. చతుర్ముఖిలో ఏ రెండు మూలలు తీసుకున్నా పక్కపక్కవే కాబట్టి ఒక్కటే సాధ్యం.

కలపడం అంటే ఏమిటి

1931లో లైనస్ పౌలింగ్, దాదాపు అదే సమయంలో జాన్ స్లేటర్, ఈ ముడిని ఒకే తీరుగా విప్పారు. s, p లు తరంగాలు కదా, తరంగాలను కలపవచ్చు. విడివిడిగా ఉన్న ఒక s, మూడు p బదులు, వాటిని కలిపి తయారు చేసిన నాలుగు కొత్త ఆర్బిటాళ్లతో బంధాలు కట్టారు. ఈ కలపడమే సంకరీకరణం. నాలుగు పెడితే నాలుగే వస్తాయి, పెరగవు, తరగవు.

ఇంట్లో పోలిక చెప్పాలంటే, ఒక గ్లాసు పాలు, మూడు గ్లాసుల డికాషన్ ఒక గిన్నెలో పోసి మళ్లీ నాలుగు గ్లాసుల్లోకి సమంగా వంచినట్టు. ప్రతి గ్లాసులో పాతిక వంతు పాలు, ముప్పాతిక వంతు డికాషన్. sp³ అనే పేరుకు అర్థం ఇంతే: పాతిక వంతు s, ముప్పాతిక వంతు p.

అయితే ఈ కాఫీ పోలిక ఒక దగ్గర ఆగిపోతుంది, అక్కడే అసలు విషయం ఉంది. కాఫీకి దిశ లేదు, ఆర్బిటాల్‌కు ఉంది. p ఆర్బిటాల్ రెండు తమ్మెల్లో ఒకటి ధన గుర్తుతో, ఇంకోటి రుణ గుర్తుతో ఉంటుంది. ఇది విద్యుదావేశం కాదు, చెరువులో అలకు శిఖరం, లోయ ఉన్నట్టు. s కు అంతటా ఒకే గుర్తు. రెంటినీ కలిపితే గుర్తులు కలిసిన వైపు తమ్మె ఉబ్బుతుంది, ఎదురుపడిన వైపు చిక్కిపోతుంది. ఫలితంగా ఒక వైపు బలంగా చాచిన చేయి లాంటి ఆర్బిటాల్ వస్తుంది. అటు నుంచి వచ్చే హైడ్రోజన్‌తో దానికి అతిపాతం, అంటే ఒకదాని మీద ఒకటి పరుచుకోవడం, బాగా కుదురుతుంది. ఒట్టి p అయితే సగం తమ్మె వెనక వైపు వృథాగా ఉండిపోయేది.

కోణాన్ని నిర్ణయించే ఒక్క సమీకరణం

ఒకే పరమాణువు మీద ఉన్న రెండు వేర్వేరు ఆర్బిటాళ్లు ఒకదానిలో ఒకటి చొరబడకూడదు. వాటి మధ్య నికర అతిపాతం సున్నా కావాలి. క్వాంటం సిద్ధాంతం పెట్టే షరతు ఇది. ఒకే రకమైన రెండు సంకర ఆర్బిటాళ్లు తీసుకుందాం. ఒక్కోదానిలో s వాటా s అనుకుంటే p వాటా 1−s. రెండింటిలోని s భాగాలు దిశతో పని లేకుండా పూర్తిగా అతిపాతం చెందుతాయి, దాని విలువ s. p భాగాల అతిపాతం వాటి మధ్య కోణాన్ని బట్టి ఉంటుంది, అది (1−s) × cos θ. మొత్తం సున్నా కావాలంటే:

```
s + (1 − s) cos θ = 0
cos θ = −s / (1 − s)
```

దీన్ని ప్రసిద్ధం చేసినవాడు చార్లెస్ కూల్సన్. ఇప్పుడు అంకెలు వేసి చూడండి. s వాటా 1/4 అయితే cos θ = −1/3, కోణం 109.5. s వాటా 1/3 అయితే cos θ = −1/2, కోణం 120. s వాటా 1/2 అయితే cos θ = −1, కోణం 180. s అసలు లేకపోతే cos θ = 0, కోణం 90, అంటే ఒట్టి p ఆర్బిటాళ్లు. ఎక్కంలా చదివిన మూడు అంకెలూ ఇక్కడే పుట్టాయి.

s వాటా పెరిగే కొద్దీ కోణం విచ్చుకుంటుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. s వాటా పాతిక వంతో, మూడో వంతో, సగమో మాత్రమే కావాలని ఈ సమీకరణంలో ఎక్కడా లేదు. 0.28 కావచ్చు, 0.315 కావచ్చు. sp³, sp², sp అనేవి ఒక రోడ్డు మీద మూడు మైలురాళ్లు. బండి ఎక్కడైనా ఆగవచ్చు.

ఇథిలీన్: మిగిలిపోయిన p చేసే పని

ఇథిలీన్‌లో ప్రతి కార్బన్‌కూ పొరుగువారు ముగ్గురు: రెండు హైడ్రోజన్లు, ఒక కార్బన్. మూడు దిక్కులకు మూడు చేతులు చాలు. అందుకని ఒక s, రెండు p మాత్రమే కలుస్తాయి. మూడు sp² ఆర్బిటాళ్లు ఒకే తలంలో, దాదాపు 120 డిగ్రీల ఎడంతో పరుచుకుంటాయి. రెండు కార్బన్ల sp² లు ఎదురెదురుగా మొనతో మొన కలిపి చేసేది సిగ్మా బంధం.

మూడో p కలవకుండా మిగిలింది. అది ఆ తలానికి నిట్టనిలువుగా, పైకీ కిందికీ తమ్మెలతో నిలబడి ఉంటుంది. పక్క కార్బన్ మీదా అలాంటిదే ఒకటుంది. రెండూ పక్కపక్కన నిలబడి భుజాలు కలుపుకుంటాయి. ఇదే గ్రీకు అక్షరం π పేరుతో పిలిచే పై బంధం. తలానికి పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, రెండూ కలిపి ఒకే బంధం. పై బంధం అంటే పైన ఒకటి, కింద ఒకటి రెండు బంధాలని కొందరు పిల్లలు అనుకుంటారు. ఒకే p ఆర్బిటాల్‌కు రెండు తమ్మెలున్నట్టే ఒకే పై బంధానికి రెండు పట్టీలు.

ద్విబంధం అంటే ఒక సిగ్మా, ఒక పై. దీంతో కార్బన్ల మధ్య దూరం తగ్గుతుంది. ఈథేన్‌లో 153.5 పికోమీటర్లు ఉన్నది ఇథిలీన్‌లో 134 అవుతుంది. అయితే బలం రెట్టింపు కాదు. సగటు విలువల పట్టికల్లో C–C కు 347 కిలోజౌళ్లు, C=C కు 611. తేడా 264. పక్కలు కలిపిన పై బంధం మొనలు కలిపిన సిగ్మా అంత గట్టిది కాదన్నమాట. ఇథిలీన్ రసాయనికంగా చురుగ్గా ఉండటానికి కారణం అదే, బ్రోమిన్ లాంటిది ఎదురైతే ముందు తెగేది పై బంధమే.

ఇప్పుడు మెలితిప్పడం సంగతి. అగ్గిపెట్టె మీద ఒక అగ్గిపుల్లను అడ్డంగా పెట్టి వేలితో తిప్పితే తిరుగుతుంది. ఈథేన్‌లో సిగ్మా బంధం అలాంటిదే. ఇరుసు చుట్టూ గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఒక కొస తిరిగినా అతిపాతం చెడదు. ఆ తిరుగుడుకు అడ్డు మోల్‌కు 12 కిలోజౌళ్లు మాత్రమే, మామూలు గది వేడికే దాటిపోతుంది. ఇథిలీన్‌లో ఒక కొసను 90 డిగ్రీలు తిప్పారనుకోండి. నిలబడి ఉన్న రెండు p లలో ఒకటి పడుకుంటుంది. భుజాలు విడిపోతాయి. పై బంధం పూర్తిగా పోతుంది. అందుకు సుమారు 270 కిలోజౌళ్లు కావాలి. పైన పట్టిక తేడా 264 అని చూశాం. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన అంకెలు ఇంత దగ్గరగా ఉండటం, తిరుగుడుకు అడ్డుపడేది పై బంధమేనన్న మాటకు మంచి సాక్ష్యం.

ఇథిలీన్ విషయంలో ఈ బిగింపు కంటికి కనిపించదు, రెండు కొసలూ ఒకేలా ఉంటాయి కాబట్టి. ఒక్కో కార్బన్ మీద ఒక హైడ్రోజన్ తీసేసి మిథైల్ గుంపు పెడితే 2-బ్యూటీన్ వస్తుంది. మిథైల్ గుంపులు రెండూ ఒకే వైపు ఉన్నది సిస్, ఎదురు వైపులా ఉన్నది ట్రాన్స్. వీటిని రెండు వేర్వేరు పదార్థాలుగా రెండు సీసాల్లో పెట్టుకోవచ్చు. మరిగే ఉష్ణోగ్రతలు కూడా వేరు, సిస్ సుమారు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ట్రాన్స్ 1 డిగ్రీ దగ్గర. పై బంధం లేకపోతే ఇవి క్షణంలో ఒకదానిలోకి ఒకటి మారిపోయేవి.

120 కాదు, 117.4

పుస్తకంలో ఇథిలీన్ కోణం 120 అని ఉంటుంది. కొలిచి చూస్తే H–C–H కోణం సుమారు 117.4, H–C–C కోణం 121.3. రెండున్నర డిగ్రీల తేడాను పొరపాటుగా కొట్టిపారేయనక్కర్లేదు, సమీకరణంలో వేసి చూద్దాం.

cos 117.4° విలువ −0.460. సమీకరణాన్ని తిప్పి రాస్తే C–H ఆర్బిటాల్‌లో s వాటా 0.460 ÷ 1.460, అంటే 0.315. కచ్చితమైన sp² అయితే 0.333 ఉండాలి. కాస్త తక్కువ వచ్చింది. ఆ తక్కువైనది ఎక్కడికి పోయింది? ఒక కార్బన్ మీద ఉన్న s మొత్తం ఒకటే. రెండు C–H బంధాలకు 0.315 చొప్పున 0.63 పోతే, మిగిలిన 0.37 C–C సిగ్మా బంధానికి చేరింది. అంటే ముగ్గురు అన్నదమ్ముల పంపకం సమంగా జరగలేదు. కార్బన్ వైపు చూసే చేతికి కాస్త ఎక్కువ, హైడ్రోజన్ల వైపు చూసే చేతులకు కాస్త తక్కువ.

ఇది కాగితం మీది గారడీ కాదని తేల్చుకోవడానికి ఇంకో దారి ఉంది. s ఆర్బిటాల్ ఒక్కటే కేంద్రకాన్ని తాకుతుంది, p కి కేంద్రకం దగ్గర విలువ సున్నా. కాబట్టి ఒక బంధంలో s ఎంత ఎక్కువ ఉంటే ఆ బంధానికి రెండు కొసలా ఉన్న కేంద్రకాలు ఒకదాని ఉనికిని ఒకటి అంత గట్టిగా గుర్తిస్తాయి. అయస్కాంత క్షేత్రంలో కేంద్రకాల స్పందనను కొలిచే ఎన్ఎంఆర్ యంత్రం దీన్ని కార్బన్-13, హైడ్రోజన్‌ల మధ్య యుగ్మన స్థిరాంకంగా, హెర్ట్జ్‌లలో చూపిస్తుంది. మీథేన్‌కు 125, ఇథిలీన్‌కు 156, ఎసిటిలీన్‌కు 249. రసాయనవేత్తల వాడుక సూత్రం ప్రకారం ఈ అంకెను 500 తో భాగిస్తే s వాటా వస్తుంది: 0.25, 0.312, 0.498. 500 అనే సంఖ్యను ఇలాంటి అణువులను చూసే ఎంచుకున్నారు కాబట్టి మీథేన్‌కు 0.25 రావడంలో విడ్డూరం లేదు. కానీ ఇథిలీన్‌కు 0.333 కాకుండా 0.312 రావడం చూడండి. కోణం నుంచి తీసినది 0.315. కోణం కొలిచే యంత్రానికీ, ఎన్ఎంఆర్‌కూ ఏ సంబంధమూ లేదు.

ఎసిటిలీన్, దాని పక్కనే అల్లీన్

ఎసిటిలీన్‌లో ప్రతి కార్బన్‌కూ ఇద్దరే పొరుగువారు. ఒక s, ఒక p కలిసి ఎదురెదురు దిక్కులకు చూసే రెండు sp ఆర్బిటాళ్లవుతాయి. నాలుగు పరమాణువులూ ఒకే గీత మీద ఉంటాయి. మిగిలిన రెండు p లు రెండు పై బంధాలు చేస్తాయి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. కార్బన్ల మధ్య దూరం 120 పికోమీటర్లకు దిగుతుంది.

s వాటా సగానికి పెరగడం వల్ల ఇంకో లక్షణం వస్తుంది. s ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దగ్గరగా, గట్టి పట్టులో ఉంటాయి. అందుకే ఎసిటిలీన్ హైడ్రోజన్‌ను వదిలి, ఎలక్ట్రాన్ జంటను తన దగ్గరే ఉంచుకోవడానికి అంత ఇబ్బంది పడదు. ఆమ్లత్వాన్ని చెప్పే pKa విలువ ఈథేన్‌కు 50, ఇథిలీన్‌కు 44, ఎసిటిలీన్‌కు 25 దరిదాపుల్లో ఉంటుంది. ఈ విలువ ఒకటి తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు. రెండు హైడ్రోజన్లూ పోగొట్టుకున్న ఎసిటిలీన్ అయానే కాల్షియం కార్బైడ్‌లో ఉన్నది. నీళ్లు తగలగానే అది హైడ్రోజన్లను తిరిగి అందుకుని వాయువై బయటకు వస్తుంది.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది: ద్విబంధం కనిపిస్తే sp², త్రిబంధం కనిపిస్తే sp అని గుర్తు పెట్టుకోవడం. అల్లీన్ అనే చిన్న అణువు ఈ సూత్రాన్ని దెబ్బతీస్తుంది. దాని రూపం H₂C=C=CH₂. మధ్య కార్బన్‌కు ఉన్నవి ద్విబంధాలే, త్రిబంధం లేదు. అయినా అది sp, ఎందుకంటే దాని పొరుగువారు ఇద్దరే. లెక్కించాల్సింది ఎన్ని దిక్కులకు చేతులు చాచాలన్నది. ఆ మధ్య కార్బన్ దగ్గర మిగిలిన రెండు p లు ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి. ఒకటి ఎడమ కార్బన్‌తో, ఇంకోటి కుడి కార్బన్‌తో పై బంధం కడుతుంది. దాంతో ఎడమ కొసన ఉన్న CH₂ ఒక తలంలో, కుడి కొసన ఉన్న CH₂ దానికి లంబంగా ఉన్న తలంలో నిలుస్తాయి. అల్లీన్‌ను ఎప్పుడూ చూడని విద్యార్థి కూడా మిగిలిన p లను లెక్కపెట్టి ఈ ఆకారాన్ని రాబట్టవచ్చు. వాన్ట్ హాఫ్ 1875లోనే, ఆర్బిటాళ్ల ఊసే లేని రోజుల్లో, తగిన గుంపులు తగిలిస్తే ఇలాంటి అణువులకు కుడిచేయి, ఎడమచేయి రూపాలు రెండు ఉండాలని ఊహించాడు. అది ప్రయోగంలో రుజువు కావడానికి 1935 దాకా ఆగాల్సి వచ్చింది.

60 డిగ్రీల దగ్గర ఏమవుతుంది?

సైక్లోప్రొపేన్‌లో మూడు కార్బన్లు త్రిభుజంలా కూర్చుంటాయి. C–C–C కోణం 60. సమీకరణంలో s ను సున్నాకు దించినా కోణం 90 కన్నా తగ్గదు. అంటే 60 డిగ్రీల్లో రెండు చేతులు చాచగల సంకరీకరణం s, p లతో లేనే లేదు. సిద్ధాంతం ఇక్కడ తప్పిందా?

H–C–H కోణం నుంచి మొదలుపెడదాం, అది సుమారు 115. cos 115° విలువ −0.423. C–H బంధాల్లో s వాటా 0.297 చొప్పున వస్తుంది. రెండింటికీ 0.594 పోగా మిగిలింది 0.406, అది రెండు C–C బంధాలకు 0.203 చొప్పున. ఈ వాటాతో కోణం లెక్కిస్తే 105 డిగ్రీల దగ్గర తేలుతుంది. కేంద్రకాలను కలిపే గీతలు 60 డిగ్రీల్లో ఉంటే, వాటి కోసం చాచిన చేతులు 105 డిగ్రీల్లో ఉన్నాయి. చేతులు త్రిభుజం బయట వైపుగా వంగి కలుసుకున్నాయన్నమాట. 1949లో కూల్సన్, మాఫిట్ ఇలాంటి లెక్కే జాగ్రత్తగా చేసి 104 డిగ్రీలని తేల్చారు. ఎక్స్-కిరణాలతో ఎలక్ట్రాన్ సాంద్రత గీసినప్పుడు, అది నిజంగానే త్రిభుజం భుజాలకు వెలుపల గుమిగూడి కనిపిస్తుంది. వంగిన అతిపాతం బలహీనం, అందుకే ఈ వలయంలో మోల్‌కు సుమారు 115 కిలోజౌళ్ల ఒత్తిడి దాగి ఉంటుంది.

బంధ కోణం వేరు, ఆర్బిటాళ్ల మధ్య కోణం వేరు. మామూలు అణువుల్లో రెండూ దాదాపు ఒకటే కాబట్టి తేడా తెలియదు. ఎన్ఎంఆర్‌తో సరిచూస్తే ఇక్కడ C–H విలువ 161 హెర్ట్జ్, అంటే 0.322. కోణం ఇచ్చిన 0.297 తో ఇథిలీన్‌లో కుదిరినంత బాగా కుదరలేదు. ఒత్తిడి ఉన్న వలయాల్లో ఈ సులువు సూత్రాలు దిశ సరిగ్గానే చెబుతాయి, మూడో అంకె దాకా నమ్మనక్కర్లేదు.

సంకరీకరణం నిజంగా జరుగుతుందా?

ఈ ప్రశ్న మీద ఉపాధ్యాయుల మధ్య కూడా వాదన ఉంది. ఒక వర్గం మాట ఇది: కార్బన్ ముందు ఎలక్ట్రాన్‌ను ఎక్కించి, తరువాత ఆర్బిటాళ్లు కలిపి, ఆపై హైడ్రోజన్లను పిలుస్తుందన్నట్టు బోధించడం తప్పు. అలాంటి సంఘటన ఏ సమయంలోనూ జరగదు. కోణం తెలిశాక దానికి తగిన సంకరీకరణాన్ని మనం వెనక నుంచి రాస్తున్నాం. ఇథిలీన్ విషయంలో పైన చేసిన పని కూడా అదే కదా, 117.4 నుంచి 0.315 తీశాం.

ఈ వర్గం చూపించే గట్టి సాక్ష్యం మీథేన్ ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటం. మీథేన్ మీద శక్తిమంతమైన కాంతిని వేసి, ఎలక్ట్రాన్లను ఊడగొట్టడానికి ఎంత శక్తి పడుతుందో కొలుస్తారు. నాలుగు బంధాలూ ఒకటే అయితే ఒకే శక్తి కనిపించాలి అనిపిస్తుంది. కనిపించేవి రెండు: ఒకటి 14 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ఇంకోటి 23 దగ్గర. s, p తేడా మాసిపోలేదన్నట్టే ఉంది.

రెండో వర్గం జవాబు కూడా బలమైనదే. ఎలక్ట్రాన్ పోయాక ఏర్పడే ఖాళీ ఏదో ఒక బంధంలో కూర్చోదు, నాలుగు బంధాల మీదా పరుచుకుంటుంది. నాలుగు సమానమైన బంధాల మీద ఒక ఖాళీ పరుచుకునే తీరులు నాలుగు. అందులో మూడింటికి ఒకే శక్తి, ఒకదానికి వేరే శక్తి. అంటే నాలుగు సమాన బంధాల చిత్రం నుంచి కూడా రెండు శిఖరాలే రావాలి. చిత్రం తప్పు కాదు, చిత్రం నుంచి ‘ఒకే శిఖరం’ అని తీసిన తొందరపాటు తప్పు.

ఇలాంటిదే ఇథిలీన్ మీద ఇంకో పాత తగాదా. ద్విబంధాన్ని సిగ్మా, పై అని విడదీయకుండా, పైకొకటి కిందికొకటి వంగిన రెండు సమాన బంధాలుగా చూడాలని పౌలింగ్ ఇష్టపడ్డాడు. అరటిపండ్ల బంధాలని వీటికి ముద్దుపేరు. ఒకే జత ఎలక్ట్రాన్ ఆర్బిటాళ్లను ఎలా విడదీసి రాసినా అణువు మొత్తం తరంగం మారదు కాబట్టి ఈ రెండు చిత్రాల్లో ఒకటి నిజం, ఇంకోటి అబద్ధం అని ఆ స్థాయిలో తేల్చలేం. కానీ వంగిన చేతులను sp³ గా తీసుకుంటే H–C–H కోణం 109.5 కి దగ్గరగా ఉండాలి. కొలిస్తే వచ్చింది 117.4. పైగా మెలితిప్పడం, కాంతిని పీల్చుకోవడం లాంటివి చెప్పడానికి పై బంధాన్ని విడిగా ఉంచుకోవడమే సులువు. పుస్తకాల్లో సిగ్మా-పై చిత్రం నిలవడానికి అదే కారణమని నా అభిప్రాయం. కోణాలను ఎలక్ట్రాన్ జంటల వికర్షణతోనే వివరించవచ్చనే వారూ ఉన్నారు, మీథేన్ వరకు అది చక్కగా సరిపోతుంది. కానీ అల్లీన్ కొసలు లంబంగా ఎందుకున్నాయో, 2-బ్యూటీన్ ఎందుకు తిరగదో చెప్పాలంటే మిగిలిన p దగ్గరికి రావలసిందే.

మళ్లీ మామిడికాయ దగ్గరికి

మొక్కల కణాల్లో ఇథిలీన్‌ను పసిగట్టే ప్రొటీన్లున్నాయి. వాటి మధ్యలో ఒక రాగి అయాన్ ఉంటుంది. ఇథిలీన్ వచ్చి ఆ రాగికి అతుక్కుంటేనే పండమనే సంకేతం వెళుతుంది. ఇథిలీన్ హైడ్రోజన్లతో అతుక్కోదు, మొనలు కలిపి బిగుసుకున్న సిగ్మా బంధంతోనూ అతుక్కోదు. తలానికి పైన తేలుతున్న పై బంధం పట్టీని రాగి అయాన్ వైపు పెట్టి, అందులోని ఎలక్ట్రాన్లను కాస్త పంచుకుంటుంది. ఎసిటిలీన్ దగ్గరా అలాంటి పట్టీలు ఉన్నాయి కాబట్టి ఎక్కువ మోతాదులో అది కూడా ఆ తాళం తిప్పగలదు. ఈథేన్ కార్బన్లు రెండూ తమ p లన్నింటినీ సంకరీకరణంలో కలిపేసుకున్నాయి. రాగి దగ్గరికి వచ్చినా చాచడానికి దాని దగ్గర ఏమీ మిగల్లేదు.